గీతలను కొలవరాదు

నా జీవితంలో నేను అతి నేర్పుగా చేసిన పని ఒక అబద్ధం. అది అబద్ధమని తెలియక చేశానని చాలాకాలం నలుగురికీ చెప్పాను. తెలియకపోవడం వేరు, తెలుసుకోకుండా జాగ్రత్తపడటం వేరు. ఈ తేడా మీద గంటసేపు ఉపన్యాసం ఇవ్వగలిగినవాణ్ణి నేను. గ్రంథాలయం మేడమీద హాల్లో ఇచ్చాను కూడా. అందుకే ఇప్పుడు నా మీద నాకే జాలి కలగదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. విజయవాడ గవర్నర్‌పేటలో, ఒక మందుల హోల్‌సేల్ షాపు పైఅంతస్తులో, ఇంజనీరింగ్ డ్రాయింగులను స్కాన్ చేసే దుకాణంలో పనిచేసేవాణ్ణి. ఐ.టి.ఐ.లో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివాను గానీ, గీతబల్ల ముందు ఉద్యోగం దొరికే నాటికి గీతబల్లలే పోయాయి. ఆఫీసులన్నీ పాత ట్రేసింగ్ కాగితాలను కంప్యూటర్లోకి ఎక్కించే తొందరలో ఉన్నాయి. మంచమంత పొడవున్న స్కానరులోకి ఒక పక్క నుంచి కాగితం పెడితే, ఇంకో పక్క నుంచి మెల్లగా బయటికొచ్చేది. ఆ బొమ్మను తెరమీద శుభ్రం చేయడం, పాతబడిన కొలతల అంకెలు, పేర్లు మార్చమంటే మార్చడం నా పని.

వినడానికి తేలిక. నిజానికి కంప్యూటర్‌కు అది డ్రాయింగని తెలియదు. అది అంకె, ఇది గీత అని తెలియదు. దానికి తెలిసిందల్లా నల్ల చుక్క, తెల్ల చుక్క. సన్నని గీత అంటే పక్కపక్కన మూడు నల్ల చుక్కలు. ఒక చుక్క పోతే గీత బక్కచిక్కుతుంది, రెండు పోతే తెగుతుంది. మచ్చలు తుడిచే ఆజ్ఞ ఒకటుండేది. దాన్ని వాడితే దుమ్ముతో పాటు దశాంశ బిందువులూ పోయేవి. మధ్యరేఖలో గీతకూ గీతకూ నడుమ ఉండే చుక్కలూ పోయేవి. వంకరగా వచ్చిన బొమ్మను తిప్పి సరిచేస్తే సన్నగీతలు మెట్లు మెట్లుగా విరిగేవి. ఫొటోలు దాచే పద్ధతిలో దాస్తే ప్రతి గీత చుట్టూ బూజు పట్టినట్టు మరకలు వచ్చేవి. ఇవన్నీ ఒక్కొక్కటీ చెడగొట్టుకుంటూ నేర్చుకున్నాను.

అన్నిటికంటే కష్టం హాచింగు. ఒక వస్తువును అడ్డంగా కోసి చూపేటప్పుడు, కోసిన ముఖమంతా దగ్గర దగ్గరగా ఏటవాలు గీతలతో నింపుతారు. దాని మధ్యలో అంకె వేయాల్సి వస్తే, అంకె చుట్టూ కొంచెం జాగా వదిలి గీతలు ఆపుతారు. ఆ అంకె మీద తెల్ల డబ్బా, అంటే తెల్లటి చతురస్రం, కప్పి చెరిపి కొత్తది వేస్తే, చొక్కాకు వేరే రంగు మాసిక వేసినట్టు అక్కడే కన్ను పడుతుంది.

మాకు డ్రాయింగులు తెచ్చేవాళ్ళలో ఒక కాలవల ఆఫీసు డ్రాఫ్ట్స్‌మన్ గారు ఉండేవారు. రిటైర్మెంటుకు నాలుగైదేళ్ళున్నాయి. డెల్టాలో ఒక చేనేత ఊరు ఆయనది. తండ్రి మగ్గం నేసేవాడట. పోగు తెగితే చూడకుండానే పసిగట్టే ఇంట్లో పుట్టిన మనిషి కాబట్టేమో, ఆయన హాచింగు చూస్తే ముద్దొచ్చేది. గీతకూ గీతకూ మధ్య దూరాన్ని చేతి అలవాటుతోనే అంచనా కట్టేవారు. అంకెలు కూడా అచ్చులు పెట్టకుండా, రెండు పెన్సిలు గీతల మధ్య చేత్తోనే రాసేవారు. ఆఫీసులో తక్కినవాళ్ళ షీట్లన్నీ ఒక ఎత్తు, ఆయనవి ఒక ఎత్తు.

మొదటి పరిచయమే తగాదాతో. నేను ఇచ్చిన ప్రింటును భూతద్దంతో చూస్తూ చూస్తూ ఆగిపోయారు.

“మీరేనటగా ఆ హాల్లో దేవుడు లేడని చెప్పేది?”

“అవునండీ. కావాలంటే ఆదివారం రండి, వాదిద్దాం.”

“దేవుడు లేడంటారు, సరే. మరి దశాంశ బిందువేదండీ? రెండున్నర ఇరవై అయిదయింది ఇక్కడ. ఇది కూడా లేదంటారా?”

దుకాణమంతా నవ్వింది. ఆ రోజు నుంచి ఆయన నన్ను నాస్తికుడు గారూ అనే పిలిచారు. వెక్కిరింపుగా మొదలై, పిలుపుగా స్థిరపడింది.

ఆదివారం నిజంగానే వచ్చారు. నుదుట విభూతి, చేతిలో గొడుగు. గ్రంథాల్లో రాసి ఉన్నదాన్ని ప్రమాణంగా తీసుకోవచ్చా అన్నది ఆనాటి విషయం. శబ్దప్రమాణం కంటే ప్రత్యక్షప్రమాణం గొప్పదని నేను మాట్లాడాను. రాసి ఉన్నదని నమ్మేవాడు బానిస, కంటితో చూసి చేత్తో కొలిచి నమ్మేవాడే మనిషి అన్నాను. ఆయన లేచి, పెద్దలు ఊరికే రాస్తారా అని ఏదో అనబోయారు. ఆయుధపూజ నాడు గీతబల్లకు కుంకుమ పెట్టే మనిషి కొలతల గురించి మాట్లాడకూడదని అందరి ముందూ అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆయన కూర్చున్నారు. సోమవారం మామూలుగానే దుకాణానికి వచ్చి, “నిన్న బాగా మాట్లాడారు. అయితే మీ ఆరో నంబరు షీటులో మధ్యరేఖ తెగింది, చూడండి” అన్నారు.

ఒక ఏడాది ఆయన తెచ్చిన కట్టలో చిన్న కాలవ మీద కట్టబోయే లాకు తలుపు డ్రాయింగు ఉంది. అంతకుముందు సంవత్సరం ఆయనే గీసినది. నీళ్ళను ఆపే ఇనప షట్టరది. ముందు భాగాన పెద్ద ప్లేటు, వెనకాల దాన్ని పట్టి ఉంచే అడ్డకమ్మీలు. ప్లేటు మందం పది మిల్లీమీటర్లు. అంచు వివరాన్ని అసలు సైజులోనే గీశారు. అంటే ప్లేటు కాగితం మీద కూడా పది మిల్లీమీటర్ల పట్టీ. పక్కన రబ్బరు, బోల్టులు ఇరుక్కుని ఉండటంతో బయట జాగా లేక, ఆ పట్టీలోనే హాచింగు ఆపి, కొలతగీత మధ్యలో 10 అని రాశారు.

కట్టను మాకు అప్పగించి ఆయన కంటి ఆపరేషనుకు సెలవు పెట్టారు. కుడికంట్లో శుక్లం. మేము స్కాన్ చేసి, పారదర్శకమైన ప్లాస్టిక్ ఫిల్ము మీద కొత్త ప్రతులు తీసి ఇస్తే, అవే ఇక ఆఫీసులో మూలప్రతులు. పాత ట్రేసింగులు కట్టగట్టి తిరిగి పంపాలి.

ఫిల్ములు తీయబోయే ముందు ఆ పని దక్కించుకున్న కాంట్రాక్టరు వచ్చాడు. మా యజమానికి బంధువుల వైపు పరిచయం. కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చుని, ఆ షీటు తెరమీద పెట్టమన్నాడు.

“ఇదిగో, ఈ పది ఉంది చూశారా? ఎనిమిది చేయాలండి. పైన రాసిన ప్లేటు పేరులో, కింద పట్టికలో కూడా. బరువు కూడా మారుద్ది, రాసుకొచ్చాను.”

“ఎవరు మార్చమన్నారండీ? ఉత్తరం ఉందా?”

“డిజైను వాళ్ళే మార్చారు. ఉత్తరం వస్తంది. ఫిల్ము ముందు కావాలన్నారు.”

“సరే, అయితే సవరణల పట్టికలో ఒక వరుస రాయాలి. ఫలానా చోట పది ఎనిమిదయిందని. ఇంకోటి, బొమ్మ పదికి గీసి ఉంది. అంకె ఒక్కటే మారుస్తున్నాం కాబట్టి, అంకె కింద మందంగా గీత గీయాలి. కొలత బొమ్మకు సరిపోదని దానర్థం. అది పద్ధతి.”

కాంట్రాక్టరు మా యజమాని వైపు చూశాడు. యజమాని తలుపు దగ్గర నిలబడి నవ్వాడు.

“గురువుగారూ, శుభలేఖలో కొట్టివేతలుంటే ఎట్టా ఉంటదండీ? మూలప్రతి అంటే శుభ్రంగా ఉండాలి గదా. మనం జిరాక్సు వాళ్ళమే గానీ ఇంజనీర్లమా? వాళ్ళు చెప్పింది మనం చేస్తాం.”

“గీత గీస్తే ఏదో తప్పు చేసినట్టు ఉంటదండి” అన్నాడు కాంట్రాక్టరు. తర్వాత కొంచెం ముందుకు వంగి, “అయినా ఆ హాచింగు మధ్యలో ఉన్న అంకె మార్చడం ఇక్కడ కుదురుద్దంటారా? హైదరాబాదులో అడిగితే మళ్ళీ గీయాల్సిందే, మాసిక కనపడుద్దన్నారు” అన్నాడు.

నేను పడిపోయింది ఆ మాటకే. డబ్బుకు కాదు. ఉద్యోగం పోతుందన్న భయానికి కూడా కాదు. కుదరదన్నారు అన్న ఆ ఒక్క మాటకు. మహిమలు చేస్తామని చెప్పుకునే బాబాల గుట్టు బయటపెడుతూ ఊళ్ళు తిరిగినవాణ్ణి. మనిషికి తన నేర్పు మీద ఉండే మోజు ఎంత గుడ్డిదో నాకు తెలియదా? తెలుసు. తెలిసినా, “కనపడితే నన్నడగండి” అన్నాను.

మధ్యాహ్నమంతా ఆ ఒక్క షీటే. ముందు బొమ్మను తెరమీద ఎనిమిదింతలు పెద్దది చేశాను. పది రెండంకెలు, ఎనిమిది ఒక్క అంకె. అంటే అంకె మార్చడంతో సరిపోదు. ఒక అంకె ఖాళీ చేసిన జాగాలో గీతలు పూడ్చాలి. తెల్లడబ్బా వాడలేదు. పదిలోని నల్ల చుక్కలను ఒక్కొక్కటే తీశాను. తర్వాత, ఆ జాగా అంచున ఆగిపోయిన ఒక్కొక్క ఏటవాలు గీతనూ దాని దారినే పొడిగించాను. నలభై అయిదు డిగ్రీల గీతంటే ఒక చుక్క పక్కకు, ఒక చుక్క పైకి. కానీ కాగితం స్కానరులో ఒక డిగ్రీ ఒరిగింది. కాబట్టి ముప్పై చుక్కలకొకసారి ఒక మెట్టు అదనంగా ఎక్కాలి. అది పట్టించుకోకపోతే కొత్త ముక్క పాత గీతతో కలిసే చోట మోకాలు వంగినట్టు కనబడుతుంది. ఎడాలు కూడా సమానం కావు. చేత్తో గీసినవి, వెంట్రుకవాసి తేడాలుంటాయి. ఆ తేడాలను అలాగే ఉంచాను. ఒకచోటి గీతను తీసుకుని, కాపీ చేసి వరసగా పరిచి ఉంటే యంత్రం పనని తెలిసిపోయేది. కొలతగీత రెండు తెగిన కొసలనూ లోపలికి ఇంకొంచెం జరిపాను.

ఇక అంకె. కంప్యూటరు అక్షరం పెడితే పట్టుబడుతుంది. అదే షీటులో షట్టరు వెడల్పు 1800 అని ఉంది. అందులోని ఎనిమిదిని తెచ్చి పెట్టాను. రెండూ కవలల్లా కనపడకూడదని, నడుము దగ్గర రెండు చుక్కలు చెక్కి, పై సున్నాకు ఒక చుక్క కలిపాను. పట్టికలో గడి గీతకు ఆనుకున్న అంకెను, ఆ గీత తెగకుండా విడదీశాను. బరువులోని అంకెలకూ ఆ షీటులోనే అంకెలు ఏరుకున్నాను.

ప్రింటు తీసి కాంట్రాక్టరు చేతిలో పెట్టాను. భూతద్దం ఇచ్చాను.

“ఎక్కడండీ?” అన్నాడు చాలాసేపు చూసి.

“మీరే చెప్పాలి.”

“ఆరి నాయనో!” అన్నాడు. నాకు ఒళ్ళు పులకరించింది. రాసుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నిజం అది. సవరణల పట్టికలో వరుస రాయలేదు. అంకె కింద గీత గీయలేదు. ఉత్తరం ఎప్పుడొస్తుందని మళ్ళీ అడగలేదు.

ఆఫీసుకు వెళ్తున్నాను, నేనే ఇచ్చేస్తానంటూ కాంట్రాక్టరు ఫిల్ములూ, పాత ట్రేసింగులూ తీసుకెళ్ళాడు. ఆఫీసు రికార్డు గదిలో చుట్టలు లెక్కపెట్టుకుంటారు, చుట్టలోని షీట్లు లెక్కపెట్టరు. ఎన్ని చుట్టలు వెళ్ళాయో అన్ని వచ్చాయి. ఒకదానిలో ఒక షీటు తక్కువన్న సంగతి అవసరం పడినప్పుడు గానీ బయటపడలేదు. మా దుకాణంలోనూ అంతే. డిస్కులో చోటు చాలక, పని అప్పగించాక స్కాన్లు చెరిపేసేవాళ్ళం.

తలుపు తయారైంది, కాలవలో దిగింది. రెండో ఏడు నీళ్ళు వదిలినప్పుడు, నిండు కాలవ ఒత్తిడికి కమ్మీకీ కమ్మీకీ మధ్య ప్లేటు పొట్ట పెట్టింది. అంచులు గాడిలో పట్టేసి తలుపు లేవనని మొరాయించింది. దిగువన నాట్లకు నీళ్ళందలేదు. రైతులు ఆఫీసు ముందు కూర్చున్నారు. విచారణ మొదలైంది. ప్లేటు కొలిచారు, ఎనిమిది. డ్రాయింగు తీశారు, ఎనిమిది. కాంట్రాక్టరు చేతులు దులుపుకున్నాడు. డిజైను లెక్కల కాగితం తీశారు, పది. అంటే లెక్క నుంచి డ్రాయింగుకు ఎక్కించిన చేతిలోనే తప్పు. షీటు మూలన మూడు సంతకాలున్నాయి. ఆమోదించిన ఇంజనీరు అప్పటికి పెద్ద పదవిలో ఉన్నాడు. సరిచూసినాయన చనిపోయాడు. మిగిలింది గీసినాయన.

ఆయనకు రిటైర్మెంటు ఇంకా ఏడు నెలలుంది. మెమో చేతబట్టుకుని దుకాణానికి వచ్చారు. నాతో తగువు పెట్టుకోవడానికి కాదు, సలహా అడగడానికి.

“నాస్తికుడు గారూ, ఎంత ఆలోచించినా నాకు ఎనిమిది రాసిన గుర్తు లేదండీ. పది అనే రాశాను. కానీ షీటు మీద ఎనిమిది ఉంది. అదీ నా చేతిరాతే. కంట్లో శుక్లం వల్ల పొరబడ్డానంటున్నారు. ముప్పై ఏళ్ళలో ఒక్క అంకె తప్పు రాయలేదు. ఇప్పుడు నా చేతిని నేనే నమ్మలేకపోతున్నాను. స్కాన్‌లో ఏమన్నా మారే అవకాశం ఉందంటారా?”

యజమాని గల్లా దగ్గర కూర్చుని నన్నే చూస్తున్నాడు. నేను, “స్కాన్‌లో పది ఎనిమిదవదండీ” అన్నాను. ఆ మాట అక్షరాలా నిజం. ఆయన తలూపి వెళ్ళిపోయారు.

మూడో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. వరండాలో పేపరు చదువుతున్నారు. కూర్చోకుండానే అంతా చెప్పేశాను. ఆయన కోపపడతారనుకున్నాను. కోపపడితే బాగుండేది.

“ఆ ఎనిమిది ఎక్కడిది?” అన్నారు.

“మీదే. పద్దెనిమిది వందల్లోంచి తెచ్చాను.”

“అదీ సంగతి!” అని గట్టిగా ఊపిరి వదిలారు. “నాకేం మతి పోలేదన్నమాట.” నా వైపు తిరిగి, “హాచింగు?” అన్నారు.

“పొడిగించాను. గీత గీతా.”

“వచ్చి చెప్తారా?”

“చెప్తాను.”

విచారణ ఆఫీసులో పైఅంతస్తు గదిలో జరిగింది. అధికారి మర్యాదస్తుడే, కుర్చీ వేయించాడు. ముందు డ్రాఫ్ట్స్‌మన్ గారిని అడిగాడు. బల్లమీద ఫిల్ము పరిచి, ఎనిమిది మీద పెన్సిలు పెట్టి, “ఇది మీ చేతిరాతేనా?” అన్నాడు.

ఈయన కాదని ఒక్క మాట అంటే చాలు. కొంతైనా అనుమానం పుట్టేది. ఆయన ఆ అంకె మీదికి వంగి చూశారు.

“అక్షరం నాదేనండి. రాసింది మాత్రం నేను కాదండి.”

గుమాస్తా కిసుక్కున నవ్వాడు. అధికారి కూడా నవ్వు ఆపుకుంటూ, “అక్షరం మీది, రాసింది మీరు కాదు. ఇదెక్కడి వేదాంతమండీ?” అన్నాడు.

నా వంతు వచ్చింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. అధికారి మా యజమానిని పిలిపించాడు. అలాంటి పని మేము చేయమని, నేను మంచివాణ్ణే గానీ సభల్లో ఆవేశంగా మాట్లాడే అలవాటు ఉందని యజమాని చెప్పాడు. కాంట్రాక్టరు నన్నెప్పుడూ చూడలేదన్నాడు.

“మీరు మార్చారనడానికి ఆధారం ఏముంది?” అన్నాడు అధికారి.

నా జీవితమంతా ఎదుటివాణ్ణి అడిగిన ప్రశ్న అది. వెతికాను. ఫైలు లేదు. పాత ట్రేసింగు లేదు. స్కానింగుకు ముందు ట్రేసింగు నుంచి తీసిన, పది ఉన్న ప్రింట్లలో సైటుకు పోయింది వానలో నాని పోయింది, ఇంకోటి కాంట్రాక్టరు దగ్గరుంది. ఫిల్ము మీద నా అతుకు చూపించమన్నారు. భూతద్దం పెట్టి వెతికాను. నాకే దొరకలేదు. ఎక్కడ పాత గీత ఆగిందో, ఎక్కడ నాది మొదలైందో చెప్పలేకపోయాను. రెండు ఎనిమిదులూ ఒకటేనని చూపించాను. ఒకరి చేతిరాత ఒకేలా ఉండదా అన్నాడు అధికారి. అచ్చం ఒకటే అయితే అనుమానించవచ్చు గానీ, నడుము దగ్గర తేడా కూడా ఉందే అన్నాడు. ఆ తేడా నేను చెక్కిందేనన్నాను. మళ్ళీ నవ్వు.

అప్పుడు గుర్తొచ్చింది. “అయ్యా, అంకె మారింది గానీ బొమ్మ మారలేదు. ఈ వివరం అసలు సైజులో గీసింది. స్కేలు పెట్టి ఈ పట్టీ వెడల్పు కొలవండి. పది వస్తుంది. ఎనిమిదని రాసి పది గీసేవాడు ఎవడూ ఉండడు. గీతలు అబద్ధం చెప్పవు.”

డ్రాఫ్ట్స్‌మన్ గారు జేబులోంచి తన స్కేలు తీసి బల్లమీద పెట్టారు. అధికారి దాన్ని ముట్టుకోలేదు. ఫిల్ము అడుగున గమనికల దగ్గర వేలు పెట్టి చదివాడు. గీతలను కొలవరాదు, రాసిన కొలతలనే అనుసరించాలి.

“ప్రతి డ్రాయింగు మీదా ఉండే నియమం ఇది. మీకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఆయనే రాశారు. కాగితం సాగుతుంది, కుంచించుకుంటుంది, జిరాక్సులో మారుతుంది. అందుకే అంకె చెప్పిందే కొలత, బొమ్మ కాదు. నేను ఇప్పుడు స్కేలు పెట్టి కొలిచి, అంకె తప్పని రాస్తే, నన్ను ఎవరైనా నిలదీస్తే ఏం చెప్పను?”

ఆ నియమం తప్పు కాదు. అదే నా కడుపు మంట. గ్రంథాన్ని పట్టుకు వేలాడే మూర్ఖుడెవరో అడ్డుపడి ఉంటే తిట్టిపోసేవాణ్ణి. ఇది అనుభవం నేర్పిన, అవసరమైన, హేతుబద్ధమైన నియమం. నేను తాకకుండా, ఒక్క చుక్క చెదరకుండా కాపాడిన గీతలు ఆ గదిలో నిజం చెబుతూనే ఉన్నాయి. వాటి సాక్ష్యం చెల్లదు. చెల్లేది అంకె. అంకె నేను పెట్టింది.

నెల తిరక్కుండా దుకాణంలో నా ఉద్యోగం పోయింది. దాని గురించి చెప్పడానికేమీ లేదు. ఆర్డరు ఆయన రిటైర్మెంటుకు పది రోజుల ముందు వచ్చింది. నిర్లక్ష్యం రుజువైందని, సర్వీసు పుస్తకంలో అభిశంసన రాయాలని. ఆ సంగతి తెలిసి మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళావిడ మజ్జిగ ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది. అంతకుముందు కూర్చుని పలకరించేది.

ఆయన ఆర్డరు కాగితం నా చేతికిచ్చారు. రెండో పేజీలో ఒక వాక్యం కింద పెన్సిలు గీత ఉంది. ఆరోపితుడు తన పొరపాటును కప్పిపుచ్చుకొనే ఉద్దేశంతో, తనకు సన్నిహితుడైన ఒక బయటి వ్యక్తిని కట్టుకథతో ప్రవేశపెట్టడం గర్హనీయం. కట్టుకథ నాది. గర్హనీయం ఆయన.

“ఉత్త నిర్లక్ష్యమైతే హెచ్చరికతో పోయేదంట” అన్నారు ఆయన. “మా సూపర్నెంటు చెప్పాడు. సాక్షిని తెచ్చినందుకు పెద్దదయిందంట.”

“నేను మళ్ళీ అర్జీ పెడతాను. పైకి వెళ్దాం. పత్రికలకు రాస్తాను.”

“ఏమని రాస్తారు?”

ఆర్డరు కాగితం మడిచి ఆయన చేతికి తిరిగిచ్చాను.

“నిన్న ఆఫీసులో కొత్త ఫిల్ము వచ్చిందండీ” అన్నారు ఆయనే. “ఎనిమిది తీసేసి పది వేయించారు. సవరణల పట్టికలో డ్రాఫ్ట్స్‌మన్ పొరపాటు సవరించడమైనది అని ఒక వరుస. ఎవడు చేశాడో గానీ పని రాదు. తెల్లడబ్బా పెట్టి చెరిపేశాడు. చుట్టూ హాచింగు ఆరు గీతలు తెగినయ్యి. కొలతగీత ఒక వైపు అసలు లేనేలేదు. పది వంకరగా కూర్చుంది. చూసినవాడెవడైనా ఇక్కడేదో దొంగపని జరిగిందనుకుంటాడు.” ఆయన పేపరు మడత పెట్టి పక్కన పెట్టారు. “మీరైతే బాగా చేసేవారు.”

వెటకారం కాదు. ఆయనకు వెటకారం రాదు. పనిమంతుడు ఇంకో పనిమంతుడి గురించి అన్న మాట అది. నేను పుచ్చుకున్న మెచ్చుకోళ్ళలో నాకు నిద్రపట్టనివ్వనిది ఇదొక్కటే.

లేచి చెప్పులు వేసుకుంటుంటే గేటు దాకా వచ్చారు. ఎదురింటి అరుగు మీద వాళ్ళ ఆఫీసులో పనిచేసే ఆయనొకడు కూర్చుని మా వైపే చూస్తున్నాడు. డ్రాఫ్ట్స్‌మన్ గారు గొంతు తగ్గించారు.

“ఇంక రావద్దండీ. కోపంతో అనటం లేదు. మీరు చెప్పింది నిజమని నాకు తెలుసు. ఆ నిజం తెలిసింది నాకొక్కడికే. మీరు ఇట్టా వస్తా పోతా ఉంటే, ఆర్డర్లో రాసిందే నిజమనుకుంటారు.”

గేటు ఆయనే వేశారు. గడియ పడిందో లేదో చూసి, లోపలికి వెళ్ళారు.